సిలికాన్‌లో nᵢ విలువ: ఒకే సూత్రానికి మూడు జవాబులు ఎందుకు?

క్లుప్తంగా

గది ఉష్ణోగ్రత దగ్గర శుద్ధ సిలికాన్ ఇంట్రిన్సిక్ క్యారియర్ సాంద్రతను చాలా పాఠ్యపుస్తకాలు ఘన సెంటీమీటరుకు 1.5×10¹⁰ అంటాయి. అవే పుస్తకాల్లోని అంకెలను అదే సూత్రంలో వేస్తే జవాబు 7×10⁹ దగ్గర ఆగుతుంది. ఇప్పుడు పరిశోధకులు వాడే విలువ 10¹⁰కి కాస్త తక్కువ. సూత్రంలో తప్పు లేదు. తేడాలో పెద్ద భాగం వేలన్స్ బ్యాండుకు వాడే ఎఫెక్టివ్ మాస్ నుంచి వస్తుంది. అతి తక్కువ ఉష్ణోగ్రతలో కొలిచిన ద్రవ్యరాశిని 300 కెల్విన్ లెక్కలో పెట్టడమే దానికి కారణం.

చిక్కు ఎక్కడ కనిపిస్తుంది

డోపింగ్, అంటే కావాలని కలిపే మలినాలు, ఏమాత్రం లేని సిలికాన్‌లో ఉష్ణశక్తి వల్ల కొన్ని ఎలక్ట్రాన్లు వేలన్స్ బ్యాండు వదిలి కండక్షన్ బ్యాండులోకి చేరతాయి. వెళ్లిన ప్రతి ఎలక్ట్రాన్ వెనక ఒక ఖాళీని, అంటే హోల్‌ను, వదులుతుంది కాబట్టి రెండింటి సంఖ్యా సమానమే. కరెంటును మోసే ఈ రెండూ క్యారియర్లు; ఘన సెంటీమీటరుకు ఒక్కోదాని సంఖ్యనే nᵢ అంటారు. దాని సూత్రం చిన్నది:

```
nᵢ = √(Nc · Nv) · exp(−Eg / 2kT)
```

Nc, Nv అనేవి కండక్షన్, వేలన్స్ బ్యాండ్ల అంచుల దగ్గర ఎలక్ట్రాన్లకు, హోళ్లకు అందుబాటులో ఉన్న స్థితుల సంఖ్యను చెప్పే రాశులు. Eg బ్యాండ్ గ్యాప్, అంటే ఆ రెండు అంచుల మధ్య శక్తి తేడా. kT బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధం. పుస్తకాల్లో తరచుగా కనిపించే విలువలు ఇవి: Nc = 2.8×10¹⁹, Nv = 1.04×10¹⁹, Eg = 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, kT = 0.0259 ఎలక్ట్రాన్ వోల్టులు. వీటిని సూత్రంలో వేస్తే nᵢ² = 4.83×10¹⁹, అంటే nᵢ = 6.95×10⁹ వస్తుంది. ఆ పక్క పేజీలోనే పట్టికలో 1.5×10¹⁰ అని ఉంటుంది. రెంటికీ మధ్య రెండు రెట్లకు పైగా తేడా. విద్యార్థి కాలిక్యులేటర్‌ను మళ్లీ మళ్లీ నొక్కి చూసుకునేది ఇక్కడే. నిజానికి లెక్క సరిగ్గానే వచ్చింది. పట్టికలోని అంకె వేరే దారిలో వచ్చింది, అంతే.

ఈ తేడా ఎలా పుట్టిందో తెలియాలంటే Nc, Nv విలువలు ఎలా తయారవుతాయో ముందు చూడాలి.

స్ఫటికంలో ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి మారడమేమిటి

ఖాళీ ప్రదేశంలో ఎలక్ట్రాన్ శక్తి దాని ద్రవ్యవేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. గ్రాఫ్ గీస్తే పరావలయం వస్తుంది. ఆ పరావలయం ఎంత వెడల్పుగా ఉందన్నది ద్రవ్యరాశిని బట్టి ఉంటుంది: బరువైన కణానికి వెడల్పుగా, తేలికైన కణానికి నిటారుగా. స్ఫటికంలో ఎలక్ట్రాన్ మీద అణువుల ఆవర్తన పొటెన్షియల్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. దాంతో శక్తికీ తరంగ సదిశ kకీ మధ్య సంబంధం మొత్తంగా మారిపోతుంది. అయినా బ్యాండు అట్టడుగు బిందువు దగ్గర ఏ నునుపైన వక్రమైనా పరావలయంలాగే కనిపిస్తుంది. ఆ పరావలయం వక్రతకు సరిపడే ద్రవ్యరాశినే ఎఫెక్టివ్ మాస్ అంటారు.

ఇలా చేస్తే స్ఫటికం ప్రభావమంతా ఒక్క అంకెలో ఇమిడిపోతుంది. ఆ తర్వాత స్వేచ్ఛా కణానికి రాసిన సూత్రాలన్నీ స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి m₀ స్థానంలో ఎఫెక్టివ్ మాస్ m* పెట్టి వాడుకోవచ్చు. ఈ సౌకర్యానికి రెండు షరతులున్నాయి. వక్రం నిజంగా పరావలయంలా ఉన్న శక్తి పరిధి లోపలే క్యారియర్లు ఉండాలి. వక్రత అన్ని దిక్కుల్లోనూ ఒకేలా లేకపోతే, ఏ పనికి ఏ సగటు వాడాలో విడిగా తేల్చుకోవాలి. సిలికాన్ కండక్షన్ బ్యాండు రెండో షరతు దగ్గర జాగ్రత్త కోరుతుంది. వేలన్స్ బ్యాండైతే మొదటి షరతునే తప్పుతుంది.

స్థితులను లెక్కపెట్టడం

ఒక శక్తి దగ్గర ఎన్ని క్వాంటం స్థితులున్నాయో చెప్పేది డెన్సిటీ ఆఫ్ స్టేట్స్. k ప్రదేశంలో స్థితులు సమాన దూరాల్లో పరుచుకుని ఉంటాయి. E శక్తి వరకు ఉన్న స్థితులు కావాలంటే ఆ శక్తికి సరిపోయే గోళం ఘనపరిమాణం లెక్కించి, ప్రతి స్థితికీ రెండు స్పిన్‌లు ఉన్నాయి కాబట్టి రెండుతో గుణించాలి. గోళం వ్యాసార్థం √(m*E)కి అనులోమం. ఘనపరిమాణం (m*E) రాశి 3/2 ఘాతానికి అనులోమం. దాన్ని శక్తి పరంగా అవకలనం చేస్తే

```
g(E) = (1/2π²) · (2m*/ħ²)^(3/2) · √(E − Ec)
```

వస్తుంది. ఇక్కడ Ec కండక్షన్ బ్యాండు అంచు శక్తి. దీన్నిబట్టి బరువైన కణానికి అదే శక్తి పరిధిలో ఎక్కువ స్థితులు ఉంటాయి. ఈ మాట గుర్తుంటే తర్వాతి లెక్క తేలిగ్గా అర్థమవుతుంది.

స్థితులు ఉన్నంతమాత్రాన ఎలక్ట్రాన్లు వాటిలో ఉండాలని లేదు. ప్రతి స్థితీ నిండి ఉండే అవకాశాన్ని ఫెర్మీ ఫంక్షన్ చెబుతుంది. శుద్ధ సిలికాన్‌లో ఫెర్మీ స్థాయి గ్యాప్ మధ్య దగ్గర ఉంటుంది. అంటే రెండు బ్యాండ్ల అంచులకూ సుమారు 0.56 ఎలక్ట్రాన్ వోల్టుల దూరం, kTలో చెబితే దాదాపు 22 రెట్లు. అంత దూరంలో ఫెర్మీ ఫంక్షన్‌కు బదులు మామూలు బోల్ట్‌జ్‌మన్ ఘాతాంకం వాడినా పట్టించుకోదగ్గ లోపం రాదు. ఆ ఘాతాంకాన్ని g(E)తో గుణించి సమాకలనం చేస్తే బ్యాండులోని స్థితులన్నీ అంచు దగ్గరే ఉన్నట్టు భావించగల ఒక రాశి దొరుకుతుంది:

```
N = 2 · (2π m* kT / h²)^(3/2)
```

m* స్థానంలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి m₀ పెట్టి, T = 300 కెల్విన్ తీసుకుంటే ఈ విలువ ఘన సెంటీమీటరుకు 2.509×10¹⁹. ఇది గుర్తు పెట్టుకోదగ్గ అంకె. ఏ పదార్థానికైనా N కావాలంటే దీన్ని (m*/m₀) రాశి 3/2 ఘాతంతో గుణిస్తే చాలు.

కండక్షన్ బ్యాండు: ఆరు లోయలు

సిలికాన్ కండక్షన్ బ్యాండు కనిష్ఠ శక్తి k = 0 దగ్గర లేదు. <100> దిక్కుల్లో, k ప్రదేశంలో స్ఫటికపు ప్రాథమిక గడి అయిన బ్రిల్వాన్ జోన్ అంచుకు వెళ్లే దారిలో సుమారు 85 శాతం దూరంలో ఉంది. అలాంటి దిక్కులు ఆరు కాబట్టి సమానమైన లోయలు ఆరు ఉంటాయి. ఒక్కో లోయలో సమశక్తి తలం గోళంలా కాక సాగదీసిన ఎలిప్సాయిడ్‌లా ఉంటుంది. పొడవు దిక్కులో ద్రవ్యరాశి 0.916 m₀, అడ్డంగా ఉన్న రెండు దిక్కుల్లో 0.19 m₀.

ఎలిప్సాయిడ్ ఘనపరిమాణం మూడు అక్షాల లబ్ధం మీద ఆధారపడుతుంది. కాబట్టి స్థితుల లెక్కకు కావలసింది మూడు ద్రవ్యరాశుల గుణమధ్యమం. అడ్డం ద్రవ్యరాశిని ఇంకాస్త కచ్చితంగా 0.1905గా తీసుకుంటే 0.916×0.1905×0.1905 = 0.0332. దీని ఘనమూలం 0.32. ఇది ఒక్క లోయకే. ఆరు లోయలూ కలిస్తే స్థితులు ఆరు రెట్లవుతాయి. ద్రవ్యరాశి 3/2 ఘాతంలో ఉంది కాబట్టి ఆ ఆరును ద్రవ్యరాశిలో కలపాలంటే 6 రాశి 2/3 ఘాతంతో, అంటే 3.30తో గుణించాలి. జవాబు 1.06 m₀. 300 కెల్విన్ దగ్గర గ్యాప్ తగ్గడం వల్ల అడ్డం ద్రవ్యరాశి స్వల్పంగా మారి మొత్తం విలువ 1.09 m₀ అవుతుంది. దాంతో Nc = 2.86×10¹⁹. పుస్తకంలోని 2.8×10¹⁹కి ఇది చాలా దగ్గర. కండక్షన్ బ్యాండు దగ్గర పెద్ద పేచీ లేదు.

పొరపాట్లు మాత్రం ఇక్కడ రెండు జరుగుతుంటాయి. ఒకటి, ఆరు లోయలను మరచి 0.32నే నేరుగా వాడటం. అప్పుడు Nc 4.6×10¹⁸కి పడిపోతుంది. రెండోది, విద్యుత్ క్షేత్రంలో క్యారియర్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే మొబిలిటీ లెక్కల్లో వాడే కండక్టివిటీ ద్రవ్యరాశిని తెచ్చి ఇక్కడ పెట్టడం. విద్యుత్ క్షేత్రానికి ఎలక్ట్రాన్ స్పందనలో ద్రవ్యరాశి విలోమంగా వస్తుంది కాబట్టి అక్కడ హరమధ్యమం కావాలి. దాని విలువ 0.26 m₀. అది రవాణాకు సంబంధించిన అంకె, స్థితుల లెక్కకు పనికిరాదు. దాన్ని వాడితే Nc 3.3×10¹⁸ వస్తుంది. సిలికాన్‌కు Nc 10¹⁹ కన్నా బాగా తక్కువగా వచ్చిందంటే ఈ రెండింటిలో ఏదో ఒకటి జరిగిందని అనుకోవచ్చు.

పోలిక కోసం గాలియం ఆర్సెనైడ్‌ను చూడవచ్చు. దానికి k = 0 దగ్గర ఒకే లోయ, ద్రవ్యరాశి 0.067 m₀ మాత్రమే. అందుకే దాని Nc 4.4×10¹⁷ దగ్గర, అంటే సిలికాన్‌లో అరవయ్యో వంతు ఉంటుంది. అయితే దాని nᵢ ఘన సెంటీమీటరుకు 2×10⁶ స్థాయికి దిగిపోవడానికి ప్రధాన కారణం ద్రవ్యరాశి కాదు, 1.42 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్. గ్యాప్ ఘాతాంకంలో ఉంటుంది, ద్రవ్యరాశి దాని ముందుండే గుణకంలో ఉంటుంది. రెండింటి బలం సమానం కాదు.

వేలన్స్ బ్యాండు: అసలు పేచీ ఇక్కడే

వేలన్స్ బ్యాండు శిఖరం k = 0 దగ్గర ఉంది. అక్కడ రెండు బ్యాండ్లు కలుస్తాయి: బరువైన హోళ్లది ఒకటి, తేలికైన హోళ్లది మరొకటి. పుస్తకాల్లో వీటి ద్రవ్యరాశులు 0.49 m₀, 0.16 m₀. రెండింటి స్థితులూ కలపాలంటే ఒక్కో ద్రవ్యరాశిని 3/2 ఘాతానికి తీసుకెళ్లి కూడాలి: 0.343 + 0.064 = 0.407. తిరిగి ద్రవ్యరాశిగా మారిస్తే 0.55 m₀. దీనికి Nv = 1.02×10¹⁹ వస్తుంది. పుస్తకంలోని 1.04×10¹⁹ ఈ దారిలో వచ్చే అంకెకే దగ్గరగా ఉంది.

ఈ లెక్కలో గణిత దోషమేమీ లేదు. లోపం పునాదిలో ఉంది. ఈ ద్రవ్యరాశులను 1950లలో సైక్లోట్రాన్ రెజొనెన్స్ పద్ధతిలో కొలిచారు. అయస్కాంత క్షేత్రంలో క్యారియర్ వృత్తాకారంలో తిరిగేటప్పుడు దాని పౌనఃపున్యం నుంచి ద్రవ్యరాశి తెలుస్తుంది. అయితే ఎక్కడా ఢీకొనకుండా అది కనీసం ఒక చుట్టులో చెప్పుకోదగ్గ భాగమైనా పూర్తిచేయాలి. గది ఉష్ణోగ్రతలో స్ఫటిక కంపనాలు అంత వ్యవధి ఇవ్వవు. అందుకే ద్రవ హీలియం ఉష్ణోగ్రత దగ్గర, అంటే సుమారు 4 కెల్విన్ దగ్గర కొలవాల్సి వచ్చింది. అక్కడ హోళ్లన్నీ బ్యాండు శిఖరానికి అంటిపెట్టుకుని ఉంటాయి. కాబట్టి కొలతలో కనిపించేది శిఖరం వక్రత మాత్రమే.

300 కెల్విన్ దగ్గర పరిస్థితి వేరు. పరావలయ బ్యాండులో హోల్ సగటు శక్తి 3kT/2, అంటే 39 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. సిలికాన్‌లో శిఖరానికి 44 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల కింద మూడో బ్యాండు ఉంది. స్పిన్-ఆర్బిట్ ప్రభావం విడదీసిన బ్యాండు ఇది. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండటమే మొత్తం చిక్కుకు మూలం. సాధారణ హోల్ కూడా మూడో బ్యాండు ప్రభావం బలంగా ఉన్న ప్రాంతం దాకా వెళ్తోంది. అక్కడ బ్యాండ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పరావలయ రూపం కోల్పోతాయి. ముఖ్యంగా తేలికైన హోళ్ల బ్యాండు శిఖరం దగ్గర నిటారుగా ఉన్నా, కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అంటే ఆ హోళ్లు బరువెక్కుతాయి. బరువు పెరిగిన కొద్దీ స్థితులు పెరుగుతాయని పైన చూశాం.

మూడో బ్యాండులో నేరుగా చేరే హోళ్ల వల్లే ఇదంతా జరుగుతోందని అనుకోవడం సులభం. లెక్క వేస్తే అది నిజం కాదని తెలుస్తుంది. ఆ బ్యాండు ద్రవ్యరాశి సుమారు 0.24 m₀. 44 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దూరానికి బోల్ట్‌జ్‌మన్ గుణకం 0.18. దాని వాటా 0.24 రాశి 3/2 ఘాతం ఇంటూ 0.18, అంటే 0.021. ముందున్న 0.407కి కలిపితే 0.428. పెరుగుదల 5 శాతమే. కావలసింది మూడు రెట్లు. మిగిలినదంతా పై రెండు బ్యాండ్ల వంకర నుంచి రావాలి.

బ్యాండ్ల అసలు రూపాన్ని తీసుకుని 300 కెల్విన్ దగ్గర సమాకలనం చేస్తే Nv సుమారు 3.1×10¹⁹ వస్తుంది. ఈ విలువను పరావలయ సూత్రంలోంచి వెనక్కి లాగితే హోల్ ద్రవ్యరాశి 1.15 m₀ అవుతుంది. ఇది ఏ ఒక్క హోల్‌కూ ఉన్న ద్రవ్యరాశి కాదని స్పష్టంగా చెప్పుకోవాలి. బ్యాండు వంకర, మూడో బ్యాండు వాటా అన్నీ మింగేసి, పాత సూత్రం సరైన జవాబు ఇచ్చేలా సర్దిన అంకె అది. అందుకే అది ఉష్ణోగ్రతతో మారుతుంది. ఉష్ణోగ్రత తగ్గిస్తూ పోతే శిఖరం దగ్గరి విలువ వైపు దిగుతుంది.

సరిచేసిన అంకెలతో లెక్క

ఇప్పుడు మొత్తం లెక్కను ఒకేసారి చేయవచ్చు. 300 కెల్విన్ దగ్గర kT = 0.025852 ఎలక్ట్రాన్ వోల్టులు. సిలికాన్ గ్యాప్ 1.1242 ఎలక్ట్రాన్ వోల్టులు.

```
Nc = 2.509×10¹⁹ × 1.09^1.5 = 2.86×10¹⁹
Nv = 2.509×10¹⁹ × 1.15^1.5 = 3.09×10¹⁹
√(Nc·Nv)                   = 2.97×10¹⁹
exp(−1.1242 / 0.051704)    = 3.61×10⁻¹⁰
nᵢ                         = 1.07×10¹⁰
```

సిలికాన్‌లో ఘన సెంటీమీటరుకు 5×10²² అణువులుంటాయి. అంటే ఐదు లక్షల కోట్ల అణువులకు ఒక్క ఎలక్ట్రాన్ చొప్పున పై బ్యాండులో ఉన్నట్టు.

పాత లెక్కతో పోల్చితే ఏది ఎంత మార్చిందో విడదీసి చూడవచ్చు. Nv మూడు రెట్లు పెరగడం వల్ల nᵢ 1.7 రెట్లు పెరిగింది, ఎందుకంటే అది వర్గమూలం లోపల ఉంది. గ్యాప్‌ను 1.12 నుంచి 1.1242కి మార్చడం వల్ల 8 శాతం తగ్గింది. kTని 0.0259గా రౌండ్ చేయకుండా 0.025852గా తీసుకోవడం వల్ల ఇంకో 4 శాతం తగ్గింది. kTలో మూడో అంకెను సవరిస్తేనే జవాబులో 4 శాతం తేడా వస్తోందంటే, ఘాతాంకం ఎంత సున్నితమో తెలుస్తుంది.

ఒక యాదృచ్ఛిక విషయం కూడా గమనించాలి. రెండు ద్రవ్యరాశులనూ m₀ అని తీసుకుని, స్ఫటిక భౌతికశాస్త్రాన్ని పూర్తిగా పక్కన పెట్టి లెక్క వేస్తే nᵢ = 9.05×10⁹ వస్తుంది. ఇది పాఠ్యపుస్తకపు 6.95×10⁹ కన్నా అసలు విలువకు దగ్గర. అయితే ఇందులో గొప్పేమీ లేదు. సిలికాన్‌లో స్థితుల లెక్కకు వాడే రెండు ద్రవ్యరాశులూ అనుకోకుండా m₀ దగ్గర ఉన్నాయి. గాలియం ఆర్సెనైడ్‌కు ఇదే చేస్తే nᵢ పది రెట్లకు పైగా తప్పుతుంది.

మరి 1.5×10¹⁰ ఎక్కడిది

ఆ అంకె వెనక ఉన్నది లెక్క కాదు, కొలత. 1954లో మోరిన్, మైటా సిలికాన్ వాహకతను, అయస్కాంత క్షేత్రంలో కరెంటుకు అడ్డంగా వోల్టేజీ పుట్టే హాల్ ప్రభావాన్ని విస్తృత ఉష్ణోగ్రత పరిధిలో కొలిచారు. వారి ఫలితం nᵢ² = 1.5×10³³ T³ exp(−1.21/kT) అనే రూపంలో ప్రసిద్ధమైంది. 300 కెల్విన్ పెడితే nᵢ సుమారు 1.4×10¹⁰ వస్తుంది. 1.45×10¹⁰, 1.5×10¹⁰ అని పుస్తకాల్లో స్థిరపడిన విలువలు ఈ స్థాయివే.

ఇక్కడ కష్టం కొలతలో ఉంది. గది ఉష్ణోగ్రతలో nᵢ అంత తక్కువ కాబట్టి, సిలికాన్ నిజంగా ఇంట్రిన్సిక్‌గా ప్రవర్తించాలంటే మలినాలు ఘన సెంటీమీటరుకు 10¹⁰ లోపు ఉండాలి. అంత శుద్ధి సాధ్యం కాదు. అందువల్ల ఉష్ణోగ్రతను బాగా పెంచి, క్యారియర్లు మలినాలను మించిపోయిన చోట కొలిచి, అక్కడి సరళరేఖను 300 కెల్విన్ దాకా పొడిగించాలి. ఘాతాంకం మీద నడిచే రాశిని ఇలా దూరానికి పొడిగిస్తే రేఖ వాలులో చిన్న లోపం కూడా చివర్లో పెద్దదవుతుంది. పైగా హాల్ కొలత నుంచి క్యారియర్ల సంఖ్య రాబట్టాలంటే, మొబిలిటీకి సంబంధించిన కొన్ని గుణకాలు కూడా విడిగా తెలియాలి.

1990లో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ గ్రీన్ అందుబాటులో ఉన్న గ్యాప్, ద్రవ్యరాశి, స్థితుల సాంద్రత విలువలను కలిపి పరిశీలించి, అంగీకృత విలువ చాలా ఎక్కువగా ఉందని, అది 1.08×10¹⁰ దగ్గర ఉండాలని చూపారు. పైన చేసిన లెక్క దీనితో సరిపోతుంది. తర్వాత స్ప్రౌల్, గ్రీన్ సౌర ఘటాలను కొలత సాధనంగా వాడారు. ఘటంలో చీకటి కరెంటు మైనారిటీ క్యారియర్ల మీద, అంటే డోపింగ్ తర్వాత తక్కువ సంఖ్యలో ఉండే రకం మీద ఆధారపడుతుంది, వాటి సంఖ్య nᵢ²ను డోపింగ్‌తో భాగిస్తే వచ్చేది. డోపింగ్, డిఫ్యూజన్ గుణకం, మందం విడిగా తెలిస్తే కరెంటు నుంచి nᵢ నేరుగా 300 కెల్విన్ దగ్గరే దొరుకుతుంది. ఎక్కడి నుంచో పొడిగించే అవసరం లేదు. వచ్చిన విలువ 1.00×10¹⁰. 2003లో ఆల్టర్‌మాట్, సహచరులు అదే కొలతను తిరిగి పరిశీలించి, ఆ నమూనాల్లోని డోపింగ్ కూడా గ్యాప్‌ను కొద్దిగా తగ్గిస్తుందని లెక్కలోకి తీసుకుని 9.65×10⁹కి తగ్గించారు.

లెక్క 1.07×10¹⁰ అంటుంటే కొలత 0.965×10¹⁰ అంటోంది. ఈ 10 శాతం తేడాను గ్యాప్‌లో 5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల మార్పు ఒక్కటే పూడ్చేస్తుంది. Nv విలువలో 20 శాతం మార్పైనా చాలు. సిద్ధాంతం నుంచి nᵢ రాబట్టడానికి ఉన్న హద్దు ఇదే. ద్రవ్యరాశులు, గ్యాప్ ఎంత కచ్చితంగా తెలిస్తే జవాబు అంత కచ్చితం. అందుకే పరికరాల సిమ్యులేషన్లలో లెక్క విలువ కన్నా కొలిచిన విలువను పెట్టడం మేలు.

గది ఉష్ణోగ్రత అంటే ఎంత

మరో గందరగోళం దీని పక్కనే ఉంటుంది. భౌతికశాస్త్ర పుస్తకాలకు గది ఉష్ణోగ్రత 300 కెల్విన్. సౌర ఘటాల ప్రామాణిక పరీక్షకు అది 25 డిగ్రీల సెల్సియస్, అంటే 298.15 కెల్విన్. రెండూ ఒకటేనని చాలామంది వదిలేస్తారు. కానీ 300 కెల్విన్ దగ్గర nᵢ ప్రతి డిగ్రీకి సుమారు 8 శాతం మారుతుంది. 1.85 డిగ్రీల తేడాకు దాదాపు 14 శాతం తగ్గుతుంది. 300 కెల్విన్ దగ్గర 1.00×10¹⁰ అనుకుంటే 25 డిగ్రీల దగ్గర అది 8.6×10⁹. కొన్నిచోట్ల 8.6×10⁹ అన్న అంకె కనబడితే అది కొత్త కొలత కాకపోవచ్చు, ఉష్ణోగ్రత తేడానే కావచ్చు.

ఏ ఫలితాలు మారతాయి

nᵢ తప్పితే దాని వర్గం ఇంకా ఎక్కువ తప్పుతుంది. 10¹⁶ డోపింగ్ ఉన్న సిలికాన్‌లో మైనారిటీ క్యారియర్లు nᵢ = 10¹⁰ ప్రకారం ఘన సెంటీమీటరుకు 10,000. 1.45×10¹⁰ ప్రకారం 21,000. డయోడ్ సంతృప్త కరెంటు కూడా అదే నిష్పత్తిలో, 2.1 రెట్లు ఎక్కువగా లెక్కకొస్తుంది. వోల్టేజీలోకి మార్చితే తేడా kT ఇంటూ ln 2.1, అంటే సుమారు 19 మిల్లీ వోల్టులు. సౌర ఘటం ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీని పాత nᵢతో అంచనా వేస్తే అంత మేరకు తక్కువ వస్తుంది. MOS ట్రాన్సిస్టర్ థ్రెషోల్డ్ లెక్కలో వచ్చే ఉపరితల పొటెన్షియల్‌లోనూ సరిగ్గా అంతే తేడా ఉంటుంది. డిజిటల్ సర్క్యూట్ చదువులో ఇది పెద్దగా కనిపించదు. ఘటాల సామర్థ్యాన్ని ఒక్కో మిల్లీ వోల్టు చొప్పున పెంచుకునే రంగంలో ఇది దాచలేని లోపం.

ఇంట్రిన్సిక్ స్థాయి స్థానం కూడా మారుతుంది. అది గ్యాప్ నడిమధ్య నుంచి (kT/2)·ln(Nv/Nc) మేర జరిగి ఉంటుంది. పాత అంకెలతో ఇది మధ్యకు 12.8 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల కింద. Nv = 3.1×10¹⁹ పెడితే మధ్యకు ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు పైన. ఇంట్రిన్సిక్ స్థాయి మధ్యకు కాస్త కింద ఉంటుందని, హోల్ కన్నా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి ఎక్కువ కావడమే కారణమని చాలా పుస్తకాలు వివరిస్తాయి. శిఖరం దగ్గరి ద్రవ్యరాశులకు ఆ వివరణ నిజమే. 300 కెల్విన్ దగ్గర స్థితుల సాంద్రత పరంగా హోళ్లదే స్వల్పంగా పైచేయి, కాబట్టి ఆ స్థాయి దాదాపు నడిమధ్యనే ఉంటుంది.